విరేచనాలు ఆగవని చెప్పి అమ్మాల్సిన మందు

2025 జూలైలో ఒక రాత్రి పదకొండు దాటాక మా అక్క కూతురు ఫోను చేసింది. పద్నాలుగు నెలల బాబుకు మధ్యాహ్నం నుంచి నీళ్ల విరేచనాలు. "పిన్నీ, నువ్వు ఎప్పుడూ చెప్పే ఓఆర్‌ఎస్సే తాగిస్తున్నాను. రెండు ప్యాకెట్లు అయిపోయాయి. తగ్గడం లేదు సరికదా, ఇంకా ఎక్కువవుతున్నాయి" అంది. గొంతులో భయం తెలుస్తూనే ఉంది. దేన్ని తాగిస్తున్నావో ఫొటో తీసి పంపమన్నాను. వచ్చిన ఫొటోలో పొడి ప్యాకెట్టు లేదు. గొట్టం గుచ్చి తాగే చిన్న అట్టపెట్టె ఉంది. దాని మీద ఆపిల్ పండు బొమ్మ. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే పేరు, ఆ పేరులో కలిసిపోయిన ఓఆర్‌ఎస్ అనే మూడు అక్షరాలు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ ఫార్ములా కాదన్న వాక్యం కూడా ఉంది గానీ, ఫొటోను పెద్దది చేసుకుంటే తప్ప అది చదవడం నా వల్ల కాలేదు.

మా అమ్మాయి చేసిన తప్పేమీ లేదు. మందుల షాపుకు వెళ్లి ఓఆర్‌ఎస్ అని అడిగింది. షాపతను ఆ పేరున్నదే చేతికిచ్చాడు. "పిల్లలకు విరేచనాలైతే వెంటనే ఓఆర్‌ఎస్ తాగించండి" అని మేము ఏళ్ల తరబడి గోడల మీద రాయించాం, ఆటోల్లో మైకు పెట్టి చెప్పించాం. తను అక్షరాలా అదే చేసింది. అందుకే ఆ రాత్రి బాబు గురించి ఎంత కంగారు పడ్డానో, మా ప్రచారం గురించీ అంతే కలత పడ్డాను.

నేను మొదట హైదరాబాద్‌లో ఒక ప్రకటనల సంస్థలో పనిచేశాను. బిస్కెట్లకు, తలనూనెలకు మాటలు రాశాను. తర్వాత ఆరోగ్య ప్రచారాల వైపు వచ్చి, జిల్లాల్లో ఆశా కార్యకర్తలకు, ఏఎన్‌ఎంలకు కావలసిన బొమ్మల కార్డులు, పోస్టర్లు, మైకు ప్రకటనలు తయారు చేస్తున్నాను. రెండు చోట్లా పని ఒకటేనని చాలాకాలం నమ్మాను. జనం గురించి తెలుసుకోవడం, వాళ్ల మాటల్లోనే చెప్పడం, సరుకును అందుబాటులో పెట్టడం, గుర్తుండేలా చేయడం. సబ్బును అమ్మినట్టే ఆరోగ్యాన్నీ అమ్మవచ్చని 1971లో ఫిలిప్ కోట్లర్, జెరాల్డ్ జాల్ట్‌మన్ తమ వ్యాసంలో 'సోషల్ మార్కెటింగ్' అనే పేరుతో వాదించినప్పటి నుంచి మా రంగం నమ్ముతున్నదీ దాదాపు ఇదే. పనిముట్లు ఒకటే అన్నమాట నిజం. కానీ ఆ పనిముట్లతో సాధించాల్సినది వేరు. ఆ తేడాను ఇంకా నిక్కచ్చిగా పట్టుకోకపోతే మన ప్రచారాలే పిల్లలకు కీడు చేస్తాయన్నది నా అభిప్రాయం. ఓఆర్‌ఎస్‌ను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

అమ్మ కోరిక ఒకటి, మందు చేసే పని ఇంకొకటి

వ్యాపార ప్రకటన రాసేటప్పుడు మొదటి పాఠం, కొనేవారి మనసులో అప్పటికే ఉన్న కోరికను పట్టుకోవడం. జుట్టు రాలకూడదని కోరిక ఉంటే, రాలదని చెప్పే నూనె. కోరికకూ హామీకీ మధ్య దూరం ఎంత తక్కువగా ఉంటే అమ్మకం అంత సులువు.

పిల్లవాడికి విరేచనాలవుతున్న తల్లి కోరిక ఏమిటి? విరేచనాలు ఆగడం. అంతకు మించి ఆ క్షణంలో ఆమెకేమీ అక్కర్లేదు. ఓఆర్‌ఎస్ ఆ పని చేయదు. ఒంట్లోంచి పోయిన నీటినీ లవణాలనూ తిరిగి నింపుతుంది. విరేచనాలు తమ దారిన తాము మూడు నాలుగు రోజులు, ఒక్కోసారి వారం దాకా సాగి తగ్గుతాయి. ఈలోగా పిల్లవాడు నీరు తగ్గిపోయి చనిపోకుండా ఇది కాపాడుతుంది. బాగా పనిచేసిన రోజున తల్లికి కనిపించే ఫలితం ఏమీ ఉండదు. కళ్లు లోపలికి పోలేదు, పొట్ట మీది చర్మాన్ని పట్టి వదిలితే వెంటనే సర్దుకుంది, నాలుగైదు గంటలకొకసారి మూత్రం పోశాడు, అంతే. జరగకుండా పోయిన ప్రమాదాన్ని ఎవరు చూడగలరు? ఆమె కళ్లెదుట ఉన్నది మాత్రం మళ్లీ తడిసిన గుడ్డ.

అందుకే ఆమె మొదటి రోజు సాయంత్రానికే "ఇది పనిచేయడం లేదు" అని పక్కన పెట్టేస్తుంది. ఆర్‌ఎంపీ దగ్గరకు తీసుకెళ్లి ఇంజెక్షన్ చేయమంటుంది, లేదా సెలైన్ ఎక్కించమంటుంది. సీసాలోంచి చుక్కచుక్కగా నరంలోకి దిగేదాని మీద మన ఊళ్లలో ఉన్న నమ్మకం, గిన్నెలో కలిపి చెంచాతో పట్టేదాని మీద లేదు. రెండింటిలోనూ ఉండేవి నీళ్లూ లవణాలే అని ఎన్నిసార్లు చెప్పినా, సూది నొప్పిలోనే బలం ఉందన్న భావన పోదు.

ఇక్కడ వ్యాపారి అయితే ఏం చేస్తాడో నాకు తెలుసు, నేనూ ఆ పని చేసినదాన్నే గనుక. ఆమె కోరికకు దగ్గరగా హామీని జరుపుతాడు. 'తక్షణ శక్తి' అంటాడు. నీరసంగా ఉన్న బిడ్డ గటగటా తాగే రుచి పెడతాడు. ఆరోగ్య ప్రచారకుడికి ఆ దారి లేదు. ఆగుతాయని చెప్తే అబద్ధం, ఆగవని చెప్తే ఎవరూ కొనరు. అతని ముందున్న పని కొనేవారి కోరికను తీర్చడం కంటే కష్టమైనది. ఆమె కోరుకునే దాన్నే మార్చాలి. "విరేచనాలు ఆగాయా" అని చూసుకునే తల్లి "మూత్రం పోశాడా" అని చూసుకోవడం మొదలుపెట్టాలి. ఇలాంటి మార్పును ఏ వ్యాపార సంస్థా లక్ష్యంగా పెట్టుకోదు, దాని అవసరమూ వాటికి లేదు.

తల్లిదండ్రులు ఏం కోరుకుంటారన్న ఊహ ఎంత శక్తిమంతమైనదో చూపించిన పరిశోధన ఒకటి 2024లో సైన్స్ పత్రికలో వచ్చింది. కర్ణాటక, బీహార్‌లలోని 253 పట్టణాల్లో రెండు వేలకు పైగా ప్రైవేటు వైద్యుల దగ్గరకు, రెండేళ్ల పిల్లవాడికి విరేచనాలు అవుతున్నాయని చెప్పే శిక్షణ పొందిన మనుషులను పంపారు. ఓఆర్‌ఎస్ రాయాలని తెలిసి కూడా వైద్యులు ఎందుకు రాయడం లేదని వెతికారు. సరుకు దొరకకపోవడం కారణమైనది 6 శాతం. ఇతర మందులు అమ్ముకుంటే వచ్చే లాభం 5 శాతం. రోగి తరఫువారికి ఓఆర్‌ఎస్ ఇష్టం ఉండదన్న వైద్యుల ఊహ ఏకంగా 42 శాతం. వచ్చినవారు తమకు ఓఆర్‌ఎస్ కావాలన్నట్టు మాట్లాడిన చోట, దాన్ని ఇచ్చిన సందర్భాలు 27 శాతం పాయింట్లు పెరిగాయి.

దీన్ని చదివాక నేను రాసే మాటలే మారాయి. వైద్యుడు, షాపువాడు ఇద్దరూ కొనేవారి మనసును ఊహించి దానికి తగ్గట్టు నడుచుకుంటున్నారు. మార్కెట్ సూత్రం అక్కడ చక్కగా పనిచేస్తోంది, పిల్లవాడికి మాత్రం తప్పు మందు అందుతోంది. కాబట్టి ప్రచారం తల్లికి ఇవ్వాల్సింది ఓఆర్‌ఎస్ గొప్పతనం గురించిన సమాచారం ఒక్కటే కాదు. షాపు దగ్గర నిలబడి పలకడానికి ఒక వాక్యం ఇవ్వాలి. "నీళ్లలో కలిపే పొడి ప్యాకెట్టు ఇవ్వండి, జింకు మాత్రలు కూడా." మా అమ్మాయి చేతిలో ఈ వాక్యం ఉండి ఉంటే ఆ అట్టపెట్టె ఇంటికి వచ్చేది కాదు.

గ్లాసులో కలిపిన లీటరు ప్యాకెట్టు

వ్యాపారానికి సరుకు బిల్లు కాగానే గెలుపు లెక్కలోకి వస్తుంది. కొన్న బిస్కెట్టును చాయ్‌లో ముంచి తిన్నా, కుక్కకు వేసినా అమ్మకం అమ్మకమే. ఆరోగ్య ప్రచారానికి ప్యాకెట్టు ఇల్లు చేరడంతో పని మొదలవుతుంది.

కొన్నేళ్ల కిందట వానాకాలానికి ముందు ఒక మండలంలో ప్యాకెట్ల పంపిణీ చూడడానికి వెళ్లాను. మా నివేదికలో గడులు ఇవి: పంచిన ప్యాకెట్లు, అతికించిన పోస్టర్లు, మైకు తిరిగిన ఊళ్లు, సమావేశాలకు వచ్చిన తల్లులు. అన్నీ లక్ష్యాన్ని దాటాయి. ఒక ఇంట్లో ఆశా కార్యకర్త "ఎలా కలిపావమ్మా, ఒకసారి చూపించు" అని యథాలాపంగా అడిగింది. ఆ తల్లి స్టీలు గ్లాసు తెచ్చి, ప్యాకెట్టు చించి, పొడి మొత్తం అందులో పోసి చెంచాతో తిప్పింది. అది లీటరు నీళ్లకు చేసిన ప్యాకెట్టు.

ఇదెంత ప్రమాదమో లెక్క వేసి చూడవచ్చు. ఇప్పుడు వాడుతున్న ఫార్ములాలో లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. అన్నీ కలిపి 20.5 గ్రాముల పొడి. సరిగ్గా కలిపితే లీటరుకు 75 మిల్లీమోల్‌ల సోడియం ఉంటుంది. మన రక్తంలో ఉండేది సుమారు 140. అదే పొడిని 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే గాఢత అయిదు రెట్లవుతుంది, సోడియం 375కు చేరుతుంది. నీరు తగ్గిపోయిన పసివాడికి రక్తం కంటే రెండున్నర రెట్లు ఉప్పగా ఉన్న ద్రవం పట్టడమన్నమాట. అది దాహాన్ని పెంచుతుంది, రక్తంలో సోడియాన్ని పెంచుతుంది, మూర్ఛలు వచ్చే స్థితికి కూడా తీసుకెళ్లవచ్చు. ఇంత జరిగినా మా నివేదికలో ఆ ఇల్లు 'ప్యాకెట్టు అందింది' అన్న గడిలో విజయంగానే ఉంటుంది.

ఆ తల్లిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. మా పోస్టరు మీద లీటరు అని రాసి ఉంది, నిజమే. కానీ లీటరంటే ఆమె ఇంట్లో ఏ గిన్నె? చిన్న ప్యాకెట్లు కూడా ఉంటాయి, నాలుగు గ్రాములకు కొంచెం ఎక్కువ తూగేవి, అవి ఒక గ్లాసు నీళ్లకే. ఆమె అంతకుముందు వాడింది అదే కావచ్చు. తర్వాత మేము ఊళ్లో ఇళ్లు తిరిగి ఇదే మాట అడిగాం. లీటరు గిన్నె ఇదీ అని ధైర్యంగా చూపించినవాళ్లు కొద్దిమందే. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉన్నది మాత్రం ఖాళీ నీళ్ల సీసా. దాన్ని కొలతగా పెట్టుకుందామనుకుంటే అందులోనూ చిక్కుంది. 750 మిల్లీలీటర్ల శీతల పానీయం సీసా, లీటరు నీళ్ల సీసా దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. చివరకు ఆశా కార్యకర్తే ఇంట్లో ఉన్న పాత్రలో లీటరు నీళ్లు కొలిచి పోసి, నీరు నిలిచిన చోట గీత గీసి వచ్చే పద్ధతి పెట్టాం. పోస్టరు ముద్రించడం కంటే ఇది చాలా నెమ్మదైన పని.

ఇలాంటి నెమ్మదైన పనిని దేశమంతటా చేసి చూపించినవాళ్లు బంగ్లాదేశ్‌లోని బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థవాళ్లు. 1980 నుంచి పదేళ్ల పాటు వాళ్ల మహిళా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లతో ద్రవం కలపడం నేర్పారు. కోటికి పైగా ఇళ్లకు వెళ్లారు. నాకు అన్నిటికంటే నచ్చింది వాళ్ల జీతం లెక్క. ఎన్ని ఇళ్లు తిరిగావన్నది కాదు ప్రశ్న. కొన్నాళ్ల తర్వాత వేరే ఉద్యోగి వచ్చి కొన్ని ఇళ్లను ఎంచుకుని, గుర్తుంచుకోవాల్సిన విషయాల్లో తల్లికి ఎన్ని గుర్తున్నాయో అడిగేవాడు, కలిపి చూపించమనేవాడు. ఆమె ఎంత బాగా చెబితే నేర్పిన కార్యకర్తకు అంత డబ్బు.

అయినా అక్కడితో పని పూర్తి కాలేదు. తల్లులకు నేర్పినది చక్కగా గుర్తుంది గానీ బిడ్డకు విరేచనాలైనప్పుడు వాడేవాళ్లు చాలా తక్కువని తేలింది. ఆరా తీస్తే, నేర్పే కార్యకర్తల్లోనే కొందరికి దాని మీద నమ్మకం లేదు, తమ ఇంట్లో వాళ్లే వాడటం లేదు. ఇంటి మగవాళ్లతో ఎవరూ మాట్లాడలేదు. కార్యకర్తలకు అది ఒంట్లో ఎలా పనిచేస్తుందో వివరంగా చెప్పి, మగవాళ్లను సమావేశాలకు పిలిచాక పరిస్థితి మారింది. తెలియడం వేరు, చేయగలగడం వేరు, నమ్మి చేయడం వేరు. పంచిన ప్యాకెట్ల లెక్కతో ఆపేసి ఉంటే ఈ మూడింటిలో ఏదీ వాళ్లకు తెలిసేది కాదు.

ఇంకో సంగతి. బెల్లం ఉప్పు నీళ్లు ఇంట్లోనే కలుపుకోమని నేర్పడమంటే, ప్యాకెట్టు కొనాల్సిన అవసరం లేదని చెప్పడమే. తన సరుకు లేకుండా బతకడం ఎలాగో కొనేవారికి నేర్పే వ్యాపార ప్రకటన నేను ఒక్కటి కూడా రాయలేదు. ఆరోగ్య ప్రచారం ఆ పని సంతోషంగా చేయాలి. ఊరికి మంచి నీళ్లు, మరుగుదొడ్లు, రోటావైరస్ టీకా వచ్చి ప్యాకెట్ల వాడకం పడిపోతే దానికి అది పండగ రోజు.

మూడు అక్షరాల ఆస్తి

మళ్లీ ఆ అట్టపెట్టె దగ్గరకు వస్తాను.

ఓఆర్‌ఎస్ ఎవరి బ్రాండూ కాదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో కిక్కిరిసిన పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శిబిరంలో కలరా వ్యాపించి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టి రోగుల బంధువుల చేతే తాగించారు. అంతకుముందు నూటికి ముప్పై మంది దాకా చనిపోతున్న చోట మరణాలు నాలుగు శాతం లోపుకు తగ్గాయి. ఆయన దానికి పేటెంటు తీసుకోలేదు. ఆ తర్వాత అర్ధ శతాబ్దం పాటు ప్రభుత్వాలు, వైద్యులు, ఏఎన్‌ఎంలు, అంగన్‌వాడీ టీచర్లు ప్రజల డబ్బుతో, తమ నోటితో ఆ పేరును ఊరూరా పరిచయం చేశారు. మన దేశంలో విరేచనాలైన పిల్లల్లో ఓఆర్‌ఎస్ అందినవారు 2005-06 కుటుంబ ఆరోగ్య సర్వేలో 26 శాతం. 2019-21 నాటికి 60.6 శాతం. ఆ పెరుగుదల వెనుక ఉన్న నమ్మకమే ఆ మూడు అక్షరాల విలువ.

ఒక పానీయం తన పేరులో ఆ అక్షరాలు చేర్చుకోగానే ఆ నమ్మకమంతా ఖర్చు లేకుండా దాని సొంతమవుతుంది. పండ్లరసం తరహా పానీయాల్లో లీటరుకు వంద గ్రాములకు పైగా చక్కెర ఉండటం మామూలే. ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు పదమూడున్నర గ్రాములే ఎందుకంటే, పేగు గోడలో సోడియం, గ్లూకోజు జంటగా లోపలికి వెళ్లే దారి ఒకటుంది. అవి వెళ్తూ నీటిని వెంట తీసుకెళ్తాయి. కలరాలో కూడా ఆ దారి మూసుకుపోదు. అందుకే రెండూ సమానంగా, 75, 75 మిల్లీమోల్‌లుగా పెట్టారు. చక్కెర మితిమీరితే లోపలికి వెళ్లలేక పేగులోనే మిగిలిపోయి, ఒంట్లోని నీటిని తనవైపు లాగుతుంది. విరేచనం ఇంకా పలచనవుతుంది. ఆ రాత్రి మా అమ్మాయి చెప్పిన "ఇంకా ఎక్కువవుతున్నాయి" అన్న మాటకు ఇదే కారణమని నిరూపించలేను. కానీ పోయినదాన్ని నింపేంత ఉప్పు ఆ పెట్టెల్లో లేకపోవడం, చక్కెర అవసరానికి మించి ఉండటం మాత్రం నిజం.

హైదరాబాద్‌లోని పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఈ పేర్లకు వ్యతిరేకంగా ఏళ్ల తరబడి పోరాడారు. ఆహార ప్రమాణాల సంస్థ 2022 జూలైలో, 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన ఉత్తర్వులు, 'ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓఆర్‌ఎస్ కాదు' అన్న వాక్యం వేస్తే పేరులో ఆ అక్షరాలు ఉండనిచ్చాయి. 2025 అక్టోబరు 14న ఆ అనుమతిని ఉపసంహరించుకున్నారు. ఆ మధ్య కాలమంతా సమస్యకు పరిష్కారంగా చిన్న అక్షరాల వాక్యాన్నే చూపించారు. వ్యాపార ప్రకటనల్లో నేను చూసిన ఆలోచనే అది. చెప్పాల్సింది ఎక్కడో ఒకచోట చెప్పేస్తే బాధ్యత తీరిపోయినట్టే. ఆరోగ్య ప్రచారానికి ఆ వెసులుబాటు ఉండకూడదు. అర్ధరాత్రి పసివాణ్ని ఎత్తుకుని ఒక చేత్తో పెట్టె పట్టుకున్న తల్లి ఏం అర్థం చేసుకుందన్నదే లెక్క. పెట్టె మీద ఏం రాశామన్నది తర్వాతి సంగతి.

నన్ను ఆపిన ప్రశ్నలు

ఇదంతా మా అమ్మాయితో తర్వాత చెప్పినప్పుడు తను ఒప్పుకోలేదు. "పిన్నీ, నువ్వు చెప్పిన పొడి నీళ్లు కలిపి పడితే వాడు ఉమ్మేశాడు. ఆ పెట్టెలోది ఒక్క చుక్క వదలకుండా తాగాడు. తాగనిది ఎంత మంచిదైతే ఏం లాభం?"

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేను. రుచి గురించి వ్యాపారికి ఉన్న శ్రద్ధ మాకు లేదు. ఉప్పగా, కొద్దిగా కన్నీటిలా ఉండే ద్రవాన్ని తయారు చేసి, తాగడం లేదని తల్లిని మందలిస్తున్నాం. అయితే అదే ఫార్ములాతో నారింజ రుచి కలిపిన పొడి ప్యాకెట్లు మందుల షాపుల్లో ఉన్నాయి. రుచి చేర్చడంలో తప్పు లేదు, పాళ్లు మార్చడంలోనే తప్పు. పిల్లవాడు ఉమ్మేస్తే పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకొక చెంచా చొప్పున పట్టాలన్నది కూడా మా పోస్టర్లలో ఎక్కడా లేదు. గటగటా గ్లాసుడు తాగిస్తే వాంతి అవుతుంది. రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత యాభై నుంచి వంద మిల్లీలీటర్లు చాలు. ఇలాంటి మాటలు నినాదంలో ఇమడవు. నినాదంలో ఇమడని వాటిని వదిలేసే అలవాటు నేను బిస్కెట్ల రోజుల నుంచి తెచ్చుకున్నదే.

ఇంకో ప్రశ్న నా తోటి ఉద్యోగి ఒకాయన వేశారు. వ్యాపార పద్ధతులు లేకపోతే సరుకు ఊళ్లకు చేరేదా అని. 1968లో కుటుంబ నియంత్రణ కోసం నిరోధ్ కండోమ్‌లను పదిహేను పైసలకు మూడు చొప్పున టీ, సబ్బుల కంపెనీల పంపిణీ వ్యవస్థ ద్వారానే చిన్న కొట్లకు పంపారు, అది పనిచేసింది. నేను కాదనను. బండి వాళ్లదే కావచ్చు. నా అభ్యంతరం మైలురాళ్లు కూడా వాళ్లవే వాడటం గురించి. ఆ కార్యక్రమాల్లో అమ్ముడైన సరుకును, ఒక్కో జంటకు ఏడాది పాటు గర్భం రాకుండా కాపాడినట్టు లెక్కగట్టి, ఇన్ని 'దంపతుల సంవత్సరాల రక్షణ' అని మార్చి రాసుకునే సూత్రం ఇప్పటికీ నడుస్తోంది. అమ్ముడైనదాన్ని చాలావరకు వాడే ఉంటారన్న ఊహ ఆ సూత్రంలోనే ఉంది. ఓఆర్‌ఎస్ విషయంలో ఆ ఊహ ఎంత తప్పో స్టీలు గ్లాసు దగ్గర చూశాను. 60.6 శాతం అన్న సంఖ్యను ఇప్పుడు చదివినా, వాళ్లలో ఎంతమంది లీటరు నీళ్లలో కలిపారు, ఎంతమంది రెండో రోజు కూడా కొనసాగించారు అని ఆలోచిస్తాను. అదే సర్వేలో జింకు అందిన పిల్లలు 30.5 శాతమే. ఓఆర్‌ఎస్ తీసుకున్న ఇళ్లలో కూడా చాలావాటికి సగం చికిత్సే చేరింది.

జింకు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే తల్లి కోరికకు కొంచెం దగ్గరగా వచ్చేది అదే. విరేచనాలు ఉండే రోజులను అది కాస్త తగ్గిస్తుంది. ఆరు నెలలు దాటినవారికి రోజుకు 20 మిల్లీగ్రాములు, లోపు వారికి అందులో సగం, పద్నాలుగు రోజులు. చిక్కంతా ఆ పద్నాలుగులోనే ఉంది. నాలుగో రోజుకు విరేచనాలు తగ్గిపోతాయి. బాగైపోయిన పిల్లవాడికి ఇంకో పది రోజులు మందు వేయమనడం, ఆకలి తీరినవాణ్ని మళ్లీ కూర్చోబెట్టి వడ్డించడం లాంటిది.

పోయిన నెలలో, ఆ పాత మండలంలోనే, మేము కొత్తగా చేర్చిన గడి ఉన్న ఫారం పట్టుకుని ఆశా కార్యకర్తతో ఒక ఇంటికి వెళ్లాను. 'తల్లి మన ఎదుట కలిపి చూపించింది' అన్నది ఆ గడి. దీన్ని జిల్లా మొత్తానికి ఎలా కూడాలి, లక్ష్యం ఎంతని రాయాలి అని పైనుంచి అడుగుతున్నారు, ఇంకా జవాబు ఇవ్వలేదు. ఆ ఇంటామె చెంబులో గీత దాకా నీళ్లు పోసి ప్యాకెట్టు మొత్తం కలిపింది. కలుపుతూనే అడిగింది, "ఇది తాగితే ఆగిపోతాయా?"

"ఆగవు" అంది ఆశా కార్యకర్త. "రేపు కూడా అవుతాయి, ఎల్లుండీ అవుతాయి. నువ్వు గుడ్డ చూడకు. ఎన్నిసార్లు ఉచ్చ పోశాడో చూడు. పోయకపోతే, కళ్లు తేలేస్తే, తాగలేకపోతే, విరేచనంలో రక్తం కనబడితే ఆగకుండా నాకు ఫోను చెయ్యి, ఆసుపత్రికి పోదాం."

ఆమె చెంబును పళ్లెంతో మూసి, జింకు మాత్రల రేకును గోడకున్న క్యాలెండరు మేకుకు తగిలించింది. పిల్లవాడి అన్న, మూడో తరగతి చదువుతున్నవాడు, పెన్సిలు తెచ్చి ఆ రోజు తేదీ నుంచి పద్నాలుగు గడులు లెక్కపెట్టి సున్నాలు చుట్టాడు. నెల అందులో అయిపోతే పేజీ తిప్పి తర్వాతి నెలలో మిగిలినవి చుట్టాడు.